ఐదేళ్లు వాడిన ఎముకల మాత్ర ఇప్పుడు ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 68 ఏళ్లు. ఐదేళ్ల కిందట బాత్‌రూమ్‌లో జారిపడి మణికట్టు విరిగింది. అప్పుడు డెక్సా స్కాన్ తీసి ఎముకలు గుల్లబారాయన్నారు. వారానికొక అలెండ్రోనేట్ 70 మాత్ర, రోజూ ఒక కాల్షియం, వారానికొక డి విటమిన్ సాచెట్ రాశారు. ఒక్క వారం కూడా మానలేదు. ఆదివారం పొద్దున కాఫీతో పాటు మూడూ గుర్తుపెట్టుకుని నేనే ఇస్తాను. మొన్న మళ్లీ స్కాన్ తీస్తే వెన్నులో మైనస్ 3.0 ఉన్నది 2.9 అయింది, తుంటిలో మైనస్ 2.7 అలాగే ఉంది. ఐదేళ్లయింది కాబట్టి మందు కొన్నాళ్లు ఆపుదామన్నారు డాక్టరు. ఈ మాత్రతో దవడ ఎముక కుళ్లిపోతుందని పక్కింటావిడ భయపెట్టింది. ఈ టెన్షన్ అంతా లేకుండా కాల్షియం, డి విటమిన్ మాత్రమే వాడితే సరిపోదా? ఇన్నేళ్లు వాడింది దండగేనా?
– ఒక కూతురు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ కాఫీ సంగతి తేలాలి. మీరు అడిగినవాటిలో చాలావాటికి జవాబు దాని మీదే ఆధారపడి ఉంది.

అలెండ్రోనేట్ అంత సులువుగా ఒంటికి పట్టే మందు కాదు. పరగడుపున, మంచినీళ్లతో, అన్నీ సరిగ్గా పాటించి వేసుకున్నా 70 మిల్లీగ్రాముల మాత్రలో రక్తంలోకి చేరేది అర మిల్లీగ్రాము లోపే. అందులో దాదాపు సగం మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకకు అంటుకుంటుంది. అంత కొంచెంతోనే పని జరిగిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అయితే కాఫీతో వేసుకుంటే ఆ కొంచెంలోనూ సుమారు 60 శాతం తగ్గిపోతుంది. కాల్షియం మాత్ర కూడా కలిస్తే పరిస్థితి ఇంకా అన్యాయం. కాల్షియం ఎక్కడ కనబడితే అక్కడ అతుక్కోవడం ఈ మందు స్వభావం. ఎముక మీద అది మనకు కలిసొచ్చే గుణం. పేగులో మాత్రం అదే గుణంతో కాల్షియం మాత్రను పట్టుకుని, రెండూ కలిసి మలంలో వెళ్లిపోతాయి. మీ ఇంట్లో ఖాళీ స్ట్రిప్పులు ఐదేళ్లవి ఉండొచ్చు. అమ్మ ఎముకల్లోకి ఐదేళ్ల మందు చేరిందో లేదో మాత్రం అనుమానమే. ‘ఐదేళ్లయింది, ఆపుదాం’ అన్న డాక్టరుకు ఈ కాఫీ సంగతి తెలిసి ఉండదు. ముందు అది ఆయనకు చెప్పండి. మీరేదో తప్పు చేశారని బాధపడకండి. చీటీ మీద ‘వారానికొకటి’ అని రాసి పంపేస్తే ఇలా వేసుకునేవాళ్లు నా దగ్గరికి తరచుగానే వస్తుంటారు.

మందు చేరిందో లేదో ఎలా తెలుస్తుందో చెప్పేముందు అది ఎముకలో ఏం చేస్తుందో చూద్దాం. ఎముక సాంద్రత వయసులో ఉన్నవారికన్నా ఎంత తగ్గిందో చెప్పే ఆ మైనస్ స్కాన్ నంబర్ ఎందుకు కదల్లేదు, కాల్షియం ఒక్కటే ఎందుకు చాలదు, ఆపితే ఏమవుతుంది అన్నవన్నీ అక్కడే తేలతాయి.

ఎముక ఒకసారి తయారై అలాగే ఉండిపోయేది కాదు. పెద్దవాళ్లలో కూడా ఏటా అస్థిపంజరంలో సుమారు పదో వంతు పాతది పోయి కొత్తది వస్తుంది. ఈ పని చేసే కణాలు రెండు రకాలు. ఆస్టియోక్లాస్టులు పాత ఎముక మీద కూర్చుని, యాసిడ్ వదిలి, దాన్ని కరిగించి చిన్న గుంట చేస్తాయి. దీనికి రెండు మూడు వారాలు చాలు. తర్వాత ఆస్టియోబ్లాస్టులు వచ్చి ఆ గుంటను కొత్త ఎముకతో నింపుతాయి. అందుకు మూడు నాలుగు నెలలు పడుతుంది. కొత్త ఎముకలో ఖనిజం పూర్తిగా పట్టి గట్టిపడటానికి ఇంకా ఏడాదో రెండేళ్లో కావాలి. మునిసిపాలిటీ వాళ్లు పైపుల కోసం రోడ్డు తవ్వడం చూస్తుంటారుగా, తవ్వే ముఠా చకచకా తవ్వి పోతుంది, పూడ్చేవాళ్లు తీరిగ్గా వస్తారు. ఎముకలోనూ అదే వరస. నెలసరి నిలిచిపోయాక ఈస్ట్రోజన్ తగ్గుతుంది. దాంతో తవ్వేవాళ్ల సంఖ్య పెరుగుతుంది, వాళ్లు ఎక్కువ రోజులు బతుకుతారు, ఒకేసారి ఎక్కువ చోట్ల, లోతుగా తవ్వుతారు. పూడ్చేవాళ్లు పూర్తిగా పూడ్చలేక ప్రతి గుంటలోనూ కాస్త వెలితి మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి ఆ వెలితి పోగుపడితే ఎముక గుల్లబారుతుంది. లోపల స్పాంజిలా ఉండే ఎముక ముందు దెబ్బతింటుంది కాబట్టి మణికట్టు, వెన్నుపూసలు, తుంటి ముందుగా విరుగుతాయి. అమ్మకు మొదట మణికట్టు విరగడం ఈ జబ్బులో మామూలుగా కనిపించే మొదటి హెచ్చరిక.

బిస్ఫాస్ఫోనేట్లు అనే ఈ మందుల కుటుంబం పూడ్చేవాళ్లకు ఏ సాయమూ చేయదు. తవ్వేవాళ్లను ఆపుతుంది, అంతే. అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, అన్నీ ఈ కుటుంబానివే. రక్తంలోంచి వచ్చిన మందు ఎముక పైకి తేలి ఉన్న చోట, అంటే తవ్వకం జరుగుతున్న చోటే ఎక్కువగా అంటుకుంటుంది. ఆస్టియోక్లాస్టు ఆ ఎముకను కరిగించేటప్పుడు మందును కూడా మింగుతుంది. కణంలో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే ఉండే ఒక ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. అప్పుడు ఆ కణం ఎముకను పట్టుకుని యాసిడ్ వదిలే శక్తి పోగొట్టుకుని, కొన్నాళ్లకు చచ్చిపోతుంది. ఎముక జోలికి పోని మిగతా కణాలు మందును అంతగా మింగవు కాబట్టి వాటికి పెద్దగా తేడా తెలియదు.

దీని ఫలితం స్కాన్‌లో ఎలా కనిపిస్తుందంటే, అప్పటికే తవ్వి వదిలేసిన గుంటలు మొదటి ఏడాదిలో నిండుతాయి, కొత్త గుంటలు తక్కువ పడతాయి. అందుకని సాంద్రత పెరుగుతుంది. తర్వాత, పాత ఎముకను తవ్వేవాళ్లు తగ్గారు కాబట్టి దానికి ఇంకాస్త ఖనిజం పట్టి గట్టిపడుతుంది. ఆ పైన పెరుగుదల నెమ్మదించి, తుంటిలో దాదాపు ఆగిపోతుంది. 1996లో వచ్చిన పెద్ద అలెండ్రోనేట్ పరీక్షలో, మూడేళ్లలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే వెన్నులో పెరిగింది 6 శాతం చిల్లర. స్కాన్ కాగితం మీద అది సుమారు 0.4 పాయింటు. చూడటానికి ఎంత చిన్న అంకె! కానీ అదే పరీక్షలో వెన్నుపూసలు, తుంటి విరగడం దాదాపు సగానికి తగ్గింది. గుంటలు తగ్గడంతో ఎముక తెగే బలహీనమైన చోట్లు తగ్గుతాయి, ఆ లాభం సాంద్రత నంబరులో పూర్తిగా కనపడదు.

కాబట్టి నంబర్ పెరగలేదన్నంత మాత్రాన మందు దండగ అని నేను అనను. మందు లేకపోతే ఈ వయసులో ఏటా తగ్గుతూ ఉండేది. నిలబడటం కూడా ఫలితమే. ఇంకో మాట, 0.1 తేడా స్కాన్ మెషీన్ లెక్కలో వచ్చే పొరపాటు కిందికే వస్తుంది, దాన్ని పెరుగుదల అనుకోకూడదు. పైగా పెద్దవాళ్లలో వెన్నుపూసల అంచుల్లో అరుగుదల వల్ల ఎముక పొడుచుకొచ్చి వెన్ను నంబరును ఉన్నదానికన్నా బాగా చూపిస్తుంది. ఇవన్నీ కలిపి, కాఫీ సంగతి కూడా తెలిశాక చూస్తే, అమ్మకు మందు సరిగా అందలేదన్న అనుమానమే నాకు బలంగా ఉంది.

దీన్ని తేల్చే రక్తపరీక్ష ఉంది. దాని పేరు సీటీఎక్స్. ఆస్టియోక్లాస్టులు ఎముకను తవ్వినప్పుడు అందులోని కొల్లాజెన్ ముక్కలు రక్తంలోకి వస్తాయి, వాటిని కొలుస్తారు. స్కాన్‌లో తేడా తెలియాలంటే ఏడాదో రెండేళ్లో కావాలి. ఇది మందు మొదలుపెట్టిన మూడు నెలలకే పడిపోతుంది. తెల్లవారి పరగడుపునే ఇవ్వాలి, తిన్నాక ఇస్తే తక్కువ చూపించి మోసం చేస్తుంది. మందు ఎముకకు చేరుతున్నవారిలో ఇది మామూలుగా మిల్లీలీటరుకు 300 పికోగ్రాముల లోపే ఉంటుంది. అమ్మకు 500, 600 వస్తే తవ్వకం యథేచ్ఛగా సాగుతోందని అర్థం. అప్పుడు ఇప్పటిదాకా వాడింది లెక్కలోకి రాదు, మందు సరైన పద్ధతిలో మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. 200 వచ్చిందనుకోండి, కాఫీ ఉన్నా ఎంతో కొంత చేరిందన్నమాట.

రెండో రకంగా వచ్చినా సరే, ఇప్పుడు మందు ఆపడానికి నేను ఒప్పుకోను. ఐదేళ్ల తర్వాత కొందరికి విరామం ఇవ్వడానికి కారణం ఉంది. ఎముకలో ఇంకిపోయిన అలెండ్రోనేట్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి కొంచెం కొంచెంగా పనిచేస్తూనే ఉంటుంది. 2006లో వచ్చిన ఒక పరీక్షలో ఐదేళ్లు వాడినవారిలో కొందరికి ఇంకో ఐదేళ్లు కొనసాగించి, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మొత్తం మీద ఎముకలు విరగడంలో పెద్ద తేడా రాలేదు. కానీ నొప్పితో బయటపడే వెన్నుపూస విరుగుళ్లు మాత్రం ఆపినవారిలో 5.3 శాతం, కొనసాగించినవారిలో 2.4 శాతం. అందుకే ఐదేళ్లు సరిగ్గా వాడాక తుంటి నంబరు మైనస్ 2.5 కంటే మెరుగ్గా ఉండి, తుంటిగానీ వెన్నుపూసగానీ విరగనివారికే విరామం ఇస్తాం. అమ్మ తుంటి ఇంకా మైనస్ 2.7 దగ్గరే ఉంది. మణికట్టు ఒకసారి విరిగింది. వెన్నుపూస సంగతి అసలు చూశారో లేదో మీరు రాయలేదు. వెన్నుపూసలు చాలాసార్లు పెద్ద నొప్పి లేకుండానే నలిగిపోతాయి. అమ్మ ఎత్తు వయసులో ఉన్నప్పటికన్నా నాలుగు సెంటీమీటర్లు తగ్గిందేమో గోడకు నిలబెట్టి కొలవండి. తగ్గినా తగ్గకపోయినా వెన్నుకు పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీయించండి.

ఇక కాల్షియం, డి విటమిన్ మాత్రమే చాలవా అన్న ప్రశ్న. పూడ్చడానికి అవి సరుకు, తవ్వకాన్ని ఆపే శక్తి వాటికి అంతగా లేదు. సరుకు కరువైనప్పుడు మాత్రం వాటి పాత్ర పెద్దది. డి విటమిన్ బాగా తక్కువైతే పేగు కాల్షియాన్ని తీసుకోలేదు, రక్తంలో కాల్షియం పడిపోకుండా పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్ విడుదల చేసి ఎముకను తవ్వించుకుంటుంది. ఆ స్థితిలో బిస్ఫాస్ఫోనేట్ ఇస్తే, ముఖ్యంగా సెలైన్‌లో ఎక్కిస్తే, ఆ దారి కూడా మూసుకుపోయి రక్తంలో కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్లలో చీమలు పాకినట్టు ఉండటం, పిక్కలు పట్టేయడం దాని గుర్తులు. అందుకే డి విటమిన్ చూసి, తక్కువుంటే సరిచేసి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టాలి. అమ్మకున్నంత గుల్లబారిన ఎముకకు ఈ రెండే ఇచ్చి ఊరుకుంటే విరగకుండా ఆపలేం.

కాల్షియం ఎంతంటే, నెలసరి ఆగిన ఆడవాళ్లకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ చెప్పింది రోజుకు 1,200 మిల్లీగ్రాములు. ఇది తిండి, మాత్ర కలిపి. అమ్మ రోజూ రెండు గ్లాసుల పాలో, అంత పెరుగో తీసుకుంటే 450 నుంచి 500 వస్తుంది. 50 గ్రాముల రాగిపిండితో జావ కాస్తే 170 దాకా వస్తుంది. ఆకుకూర, పప్పు, కూరల్లోంచి ఇంకో నూటయాభై. అంటే ఎనిమిది వందలు అయిపోయింది, ఒక్క మాత్ర చాలు. స్ట్రిప్ మీద 1,250 మిల్లీగ్రాములని చూసి కంగారుపడొద్దు. అది కాల్షియం కార్బొనేట్ బరువు, అందులో అసలు కాల్షియం 500. దాన్ని మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఇవ్వండి, తిండితో ఉండే యాసిడ్‌లోనే అది కరుగుతుంది. అమ్మ గ్యాస్ కోసం రోజూ పాంటాప్రజోల్ లాంటివి వాడుతుంటే కార్బొనేట్ సరిగా కరగదు, సిట్రేట్ రకం రాయించుకోండి.

సాచెట్ దగ్గర నాకు వేరే భయం ఉంది. వారానికొక 60,000 యూనిట్లు అంటే రోజుకు 8,500 పైన. ఈ వయసుకు రోజుకు 800 నుంచి 1,000 చాలు. వారానికొకటి అన్నది లోపం ఉన్నవారికి 8 వారాలకు రాసే కోర్సు, ఆ తర్వాత సాధారణంగా నెలకొకటికి తగ్గిస్తాం. ఐదేళ్లుగా తగ్గించకుండా వెళుతున్నారంటే ఈ వారమే ఆపి, డి విటమిన్ స్థాయి, రక్తంలో కాల్షియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించండి. ఎక్కువ దాహం, పదేపదే మూత్రం, వాంతులు, మలబద్ధకం, మనిషి మందకొడిగా ఉండటం లాంటివి ఉంటే ఆలస్యం చేయొద్దు. ఎక్కువైతే మంచిదే కదా అనుకునేవాళ్లకు ఒక సంగతి: ఆస్ట్రేలియాలో ముసలివాళ్లకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు ఇంకా పెరిగాయి. 2010లో వచ్చిన ఫలితం అది.

పక్కింటావిడ చెప్పిన దవడ జబ్బు నిజంగా ఉన్నదే. అయితే ఆ కథలు ఎక్కువగా వచ్చింది క్యాన్సర్ రోగుల నుంచి. వాళ్లకు ఇదే మందులు చాలా ఎక్కువ మోతాదులో, నెలనెలా నరంలోకి ఇస్తారు. వారం మాత్ర వేసుకునేవారిలో 10,000 మంది ఏడాదిపాటు వాడితే ఒకరికో, అంతకన్నా తక్కువకో వస్తుంది. పన్ను పీకించుకున్న చోట ఎముక మానకపోవడంతో ఇది మొదలవుతుంది కాబట్టి, మళ్లీ మందు మొదలుపెట్టేలోపు కదిలే పళ్లు, చిగుళ్ల వాపు ఉంటే చూపించుకుని ఆ పని ముగించండి. తర్వాత పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఈ మందు పేరు చెప్పండి.

నిజానికి మీరు దవడకన్నా తొడను గమనించాలి. తవ్వకం మరీ ఎక్కువకాలం ఆగిపోతే పాత ఎముకలో పడే సన్నని పగుళ్లను బాగుచేసేవాళ్లు ఉండరు. అరుదుగా తొడ ఎముక మధ్యలో, పెద్ద దెబ్బేమీ తగలకుండానే, అడ్డంగా విరుగుతుంది. విరగడానికి వారాలు, నెలల ముందునుంచే తొడలోనో గజ్జల్లోనో మందమైన నొప్పి ఉంటుంది, నడిస్తే పెరుగుతుంది. మోకాలి నొప్పనీ నడుము నొప్పనీ దాన్ని కొట్టిపారేస్తుంటారు. అలాంటి నొప్పి వస్తే మాత్ర ఆపి, రెండు తొడల ఎముకలకూ పైనుంచి కిందిదాకా ఎక్స్‌రే తీయించాలి. బయటివైపు అంచు ఒకచోట బుడిపెలా ఉబ్బి కనిపిస్తుంది. 2020లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనంలో ఆసియా మూలాలున్న ఆడవాళ్లలో ఇది తెల్లవారిలో కన్నా ఎక్కువని తేలింది. ఆసియా వారిలో 10,000 మంది మూడేళ్లు వాడితే తుంటి విరగడం 91 మందికి తప్పుతుంది, ఇలా తొడ విరగడం 8 మందికి రావొచ్చని వాళ్ల లెక్క. ఏళ్లు గడిచేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది, మందు ఆపాక త్వరగానే తగ్గిపోతుంది. కాబట్టి ఏటా కూర్చుని తూకం వేసుకోవాల్సిందే. అమ్మ విషయంలో ఇప్పుడు తూకం మందు వైపే ఉంది.

మాత్రనే కొనసాగిస్తే వేసే పద్ధతి ఇలా మార్చండి. ఆదివారం నిద్రలేచి ముఖం కడుక్కున్నాక, ఏమీ తినకముందే, ఒక నిండు గ్లాసు మామూలు మంచినీళ్లతో మింగించండి. నమలకూడదు, చప్పరించకూడదు. తర్వాత కనీసం అరగంట కూర్చోనో నిలబడో ఉండాలి. మళ్లీ పడుకుంటే మాత్ర అన్నవాహికలోనే ఉండిపోయి పుండు పడుతుంది. ఆ అరగంట అయ్యాక కాఫీ, ఇంకాసేపటికి టిఫిన్. కాల్షియం మధ్యాహ్నం. మింగడం కష్టమైనా, గుండెల్లో మంట ఎక్కువైనా, లేక కాఫీ లేకుండా అరగంట ఆగడం అమ్మ వల్ల కాకపోయినా, జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించడం మేలు. పేగుతో పని లేదు, ఇచ్చింది ఇచ్చినట్టు రక్తంలోకి వెళుతుంది. నాకైతే అమ్మకు ఇదే నయమనిపిస్తోంది. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావొచ్చు, పారాసెటమాల్‌తో పోతాయి. రెండు రకాలకూ కిడ్నీ పనితీరు చూడాలి. ఈజీఎఫ్ఆర్ 35 కంటే తక్కువుంటే ఈ మందులు ఇవ్వకూడదు.

ఎవరైనా ఆర్నెల్లకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కు మారమంటే, మొదలుపెట్టకముందే ఒక షరతు తెలుసుకోండి. అదీ తవ్వేవాళ్లనే ఆపుతుంది, కాని ఎముకలో ఇంకి ఉండదు. ఆర్నెల్లు దాటి ఒకటి రెండు నెలలు ఆలస్యమైతే ఆగిన ఆస్టియోక్లాస్టులన్నీ ఒక్కసారిగా విజృంభిస్తాయి, ఒకటికి నాలుగు వెన్నుపూసలు విరిగినవారున్నారు. అది ఆపాలంటే బదులు ఒక బిస్ఫాస్ఫోనేట్ ఇచ్చి ఆపాలి. తేదీ తప్పకుండా వెళ్లగలమనుకుంటేనే దానికి ఒప్పుకోండి.